కలలో కుక్క, పులి, ఆవు: మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో కౌన్సెలింగ్ చేస్తుంటాను. నిద్ర పట్టడం లేదని, పీడకలలు వస్తున్నాయని కర్నూలు, కడప వైపు నుంచి కూడా మనుషులు వస్తుంటారు. వాళ్ల కలల్లో ఎక్కువగా వినిపించే జంతువులు మూడు: కుక్క, పులి, ఆవు. పాము గురించి అడిగేవాళ్లూ ఉన్నారు కానీ దాని కథ వేరు, ఇక్కడ ఎత్తుకోలేదు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఈ పేజీ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కల వచ్చి లేచిన వెంటనే

కలలో పులి కనిపించింది. మంచిదా, చెడ్డదా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేను. పులి పేరు వినగానే ఫలం చెప్పేవాళ్లు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగడం మరిచిపోతున్నారు. ఆ పులిని చూసినప్పుడు మీకు ఏమనిపించింది?

ఒకే వారంలో ఇద్దరు నాకు పులి కల చెప్పారు. ఒకతను పులి గుమ్మంలో నిలబడి ఉంటే ఊపిరాడక లేచాడు. ఇంకొకామె ఇంటి గుమ్మంలోనే పులి పడుకుని ఉంటే, "ఇంక దొంగలు రారులే" అనుకుని నిశ్చింతగా నిద్రపోయిందట, కలలోనే. పులి అదే, గుమ్మం అదే. కానీ మొదటి అతనికి ఇంటిమీదికి అప్పులవాళ్లు వస్తున్నారు. రెండో ఆమెకు చాలా ఏళ్ల తర్వాత అన్న గల్ఫ్ నుంచి ఇంటికి తిరిగొచ్చాడు.

ఎర్నెస్ట్ హార్ట్‌మన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు చాలా కాలం కలల మీద పనిచేశాడు. అగ్నిప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లకూ, దాడికి గురైనవాళ్లకూ నిప్పు, దాడి బదులు పెద్ద అల వచ్చి ముంచేస్తున్నట్లు కలలు రావడం అతను గమనించాడు. జరిగింది వేరు, కలలో బొమ్మ వేరు, కానీ "నన్ను ఏదో ముంచేస్తోంది" అన్న భావం ఒకటే. అంటే ముందు భావం ఉంటుంది, దానికి తగిన బొమ్మను కల వెతుక్కుంటుంది. సముద్రం చూడని మన వైపు వాళ్లకు ఆ బొమ్మ చాలాసార్లు పులో, కుక్కో అవుతుంది. అందుకే బొమ్మ దగ్గర మొదలుపెట్టి అర్థం వెతికితే దారి తప్పుతాం.

నాకు ఏమనిపించిందో కూడా గుర్తులేదు. కుక్క మాత్రమే గుర్తుంది. ఎట్లా తెలుసుకోవాలి?

లేవగానే కదలకండి. ఏ పక్కన పడుకుని ఉన్నారో ఆ పక్కనే ఇంకో రెండు నిమిషాలు ఉండండి. ఫోన్ చూడొద్దు. కల కొద్ది నిమిషాల్లోనే చెదిరిపోతుంది. లేచి ముఖం కడుక్కునేసరికి జంతువు మిగులుతుంది, భావం పోతుంది.

ముందు ఒంటిని గమనించండి. గుండె దడదడలాడుతోందా, దవడ బిగుసుకుందా, గొంతులో ఏదో అడ్డుపడినట్లుందా, లేక ఒళ్లంతా తేలిగ్గా ఉందా? మనసు మరిచిపోయినదాన్ని ఒళ్లు కాసేపు పట్టుకుని ఉంటుంది. తర్వాత ఆ జంతువును మళ్లీ కళ్లముందు తెచ్చుకుని, దానివైపు వెళ్లాలనిపిస్తోందా, దూరం జరగాలనిపిస్తోందా చూడండి. ఈ ఒక్క ప్రశ్నకు దాదాపు అందరూ జవాబు చెప్పగలుగుతారు.

అప్పుడు దిండు పక్కన పెట్టుకున్న కాగితం మీద మూడు వాక్యాలు రాయండి: జంతువు ఏం చేసింది, నేను ఏం చేశాను, నాకు ఏమనిపించింది. "భయం" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. భయంలో కూడా బెదురు వేరు, సిగ్గుతో కూడిన భయం వేరు, "నావల్ల కాదు" అన్న చేతకానితనం వేరు. మన యాసలో ఎట్లా వస్తే అట్లా రాయండి. "కడుపులో దేవినట్లయింది" అని ఒకాయన రాసుకొచ్చాడు. ఆ మాటతోనే కల సగం విప్పుకుంది.

కలలో అసలు భయం లేదు. లేచాక మాత్రం భయమేసింది. ఏది లెక్కలోకి తీసుకోవాలి?

కలలో ఉన్నదే. ఇద్దరు ముగ్గురిలో ఒకరు ఇక్కడ తికమక పడుతుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నిద్రలేచాక పుట్టే భయం చాలావరకు చిన్నప్పటి నుంచి విన్న మాటల నుంచి వస్తుంది. ఒక డిగ్రీ అబ్బాయికి కలలో నల్ల కుక్క వచ్చి చేతులు నాకింది. కలలో అతనికి చక్కిలిగింత పెట్టినట్లు నవ్వొచ్చింది. లేచి వాళ్ల జేజికి చెబితే, "నల్ల కుక్క నాకితే కీడు రా" అన్నది. ఆ రోజంతా అతను బండి తీయలేదు. రాత్రికి మళ్లీ కుక్క వచ్చింది, ఈసారి కరిచింది.

మొదటి కల అతనిది. రెండో కల వాళ్ల జేజి మాటది. రెండింటినీ కలిపి చదివితే కుక్క ముందు నాకి తర్వాత కరిచింది కాబట్టి ఎవరో స్నేహితుడు మోసం చేస్తాడని అర్థం చెప్పుకుంటారు. నిజానికి ఆ అబ్బాయి కూడా అట్లాగే చెప్పుకుని, రూమ్‌లో ఉన్న స్నేహితుడిని అనుమానించడం మొదలుపెట్టాడు. అందుకే కాగితం మీద కలలోని భావాన్ని ఒక గీతకు ఎడమ పక్క, లేచాక వచ్చిన భావాన్ని కుడి పక్క రాయమంటాను. రెండూ ఒకటే అయితే సరే. వేరైతే కుడి పక్కది ఎవరి నోటి నుంచి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు. నాకు నాలుగున్నరకు ఆవు కల వచ్చింది.

తెల్లవారుజాము కలకు అంత గట్టి పేరు రావడానికి కారణం ఉంది. మనకు స్పష్టమైన కలలు వచ్చే నిద్ర దశను రెమ్ నిద్ర అంటారు. అది సుమారు తొంభై నిమిషాలకోసారి వస్తుంది. రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉండి, తెల్లవారే కొద్దీ నిడివి పెరుగుతుంది. అందుకే తెల్లవారుజామున కలలు పొడవుగా, రంగుల్లో ఉంటాయి. పైగా వెంటనే లేస్తాం కాబట్టి బాగా గుర్తుంటాయి.

మన పాత శాస్త్రాల వైపు నుంచి అడిగేవాళ్లకు ఒక మాట. చరక సంహితలో కలలను ఏడు రకాలుగా చెప్పారు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, వాత పిత్త కఫ దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని అక్కడే రాసి ఉంది. పగలు ఆవును మేపిన మనిషికి రాత్రి ఆవు కల వస్తే, ఆ లెక్క ప్రకారం కూడా అది ఫలం చూడవలసిన కల కాదు. పంచాంగం వెనక పేజీల్లో ఈ వడపోత కనిపించదు, జంతువు పేరూ ఫలమూ మాత్రమే ఉంటాయి.

## కుక్క కలకు అర్థం వెతికేటప్పుడు

కుక్క కరిచినట్లు కల వచ్చింది. ఎవరైనా దగ్గరివాళ్లు మోసం చేస్తారా?

కుక్క ఎవరిదో ముందు చెప్పండి. మీ ఇంటిదా, వీధిదా, అసలు ఎప్పుడూ చూడనిదా? వీధి కుక్క కరిస్తే చాలామందికి కలిగేది బెదురు. సొంత కుక్క కరిస్తే బెదురు కంటే ముందు "నన్నా?" అన్న బాధ కలుగుతుంది. మోసం అన్న అర్థం ఆ "నన్నా?" నుంచి పుట్టింది. మీకు ఆ బాధ కలగకపోతే ఆ అర్థం మీకు వర్తించదు.

తర్వాత గత ఒకటి రెండు రోజుల్లో అదే భావం ఎక్కడ కలిగిందో వెతకండి. అక్కడ దొరక్కపోతే ఐదు నుంచి ఏడు రోజుల వెనక్కి వెళ్లండి. పగటి సంగతులు ఆ రాత్రో మరుసటి రాత్రో ఒకసారి, మళ్లీ వారం దగ్గర పడేటప్పుడు ఇంకోసారి కలల్లోకి రావడం పరిశోధనల్లో తేలింది. కల రాబోయే మోసం గురించి చెబుతోందని ఎదురుచూసేకంటే, జరిగిపోయిన ఏ మాట మిమ్మల్ని కరిచిందో వెతకడం మేలు.

ఇంకో సంగతి. ఈ మధ్యే నిజంగా కుక్క కరిచి ఉంటే కల గురించి ఆలోచించేది తర్వాత. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సూదులు మధ్యలో ఆపకండి.

నల్ల కుక్క వెంటపడుతోంది. కాలభైరవుడి దోషం అంటున్నారు, నిజమేనా?

కుక్క కాలభైరవుడి వాహనం. దత్తాత్రేయుడి పటంలో కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, వాటిని నాలుగు వేదాలంటారు. దేవుడి పక్కనుండే జంతువు కలలోకి వస్తే దోషమని ఎందుకు అనుకోవాలి? భక్తితో చూసేవాళ్లకు అదే కుక్క తోడుగా కనిపిస్తుంది.

భయపెట్టే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. కుక్క ఈడ్చుకుపోతున్నట్లు కల వస్తే ఘోరమైన జ్వరం వస్తుందని చరక సంహితలో ఉంది. కానీ ఆ భాగం రోగి బతుకుతాడా లేదా అని వైద్యుడు లక్షణాలు చూసుకోవడానికి రాసింది. జబ్బుకు ముందు కనిపించే గుర్తుల్లో ఒకటిగా చెప్పిన కల అది. ఆ సందర్భం ఊడిపోయి, "కుక్క వస్తే కీడు" అన్న ముక్క ఒక్కటే మన ఇళ్లకు చేరింది.

వెంటపడే కుక్క విషయంలో నేను అడిగేది ఒకటే: మీరు వెనక్కి తిరిగి చూశారా? చూడనివాళ్లకు కుక్క రూపం ఎప్పుడూ స్పష్టంగా ఉండదు, మొరుగు మాత్రమే వినిపిస్తుంది. వాళ్లతో మాట్లాడితే తరచూ ఏదో వాయిదా వేస్తున్న పని బయటపడుతుంది: కట్టని వడ్డీ, చూపించుకోని గడ్డ, ఎత్తని ఫోన్.

మా కుక్క చచ్చిపోయి మూడు నెలలు. కలలో తోక ఊపుకుంటూ వస్తోంది. లేచి ఏడుస్తున్నాను. ఆత్మ తిరుగుతోందా?

అది మీకు దాని మీద ఉన్న మమకారం. పోయినవాళ్లు కలలో ఆరోగ్యంగా, సంతోషంగా కనిపించడం మనుషుల విషయంలోనూ సాధారణమే. కలలో మీకు ఆనందమూ లేచాక ఏడుపూ వస్తుంటే దుఃఖం తన దారిన తాను కరుగుతోందని అర్థం. శాంతులు అక్కర్లేదు.

కలలో కూడా అది ఆకలితో, గొలుసుతో, మిమ్మల్ని చూస్తూ ఉంటే మాత్రం దుఃఖంతోపాటు తప్పు చేశానన్న భావం కలిసి ఉండొచ్చు. "ముందే డాక్టర్‌కు చూపించి ఉంటే" అన్న మాట లోపల తిరుగుతోందేమో చూసుకోండి. ఆ మాటను ఇంట్లో ఒకరితో బయటికి అనండి.

## పులి కలకు అర్థం వెతికేటప్పుడు

పులి తరుముతుంటే పరిగెత్తాలనుకుంటాను, కాళ్లు కదలవు. అరిస్తే గొంతు రాదు. ఇది గాలి సోకడమా?

కాదు. రెమ్ నిద్రలో ఉన్నంతసేపు మెదడు మన కాళ్లూ చేతులను సడలించి కట్టేసినట్లు ఉంచుతుంది. కలలో పరిగెత్తే మనిషి నిజంగా మంచం దిగి పరిగెత్తకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. కాళ్లు కదలకపోవడమనే ఆ అనుభవం కొంతవరకు ఇందులోంచే వస్తుందని చెబుతారు. అదే సమయంలో మెదడులో ఉద్వేగాలను రగిలించే భాగాలు బాగా చురుగ్గా ఉంటాయి. నిదానంగా తర్కించే ముందు భాగం మందగిస్తుంది. అందుకే "మా వీధిలో పులి ఎట్లా వస్తుంది?" అన్న ప్రశ్న కలలో మనకు రాదు, భయం మాత్రం పూర్తి బలంతో వస్తుంది.

భావం వైపు చూస్తే, కుక్క తరిమినప్పటి భయానికీ పులి తరిమినప్పటి భయానికీ తేడా ఉంది. కుక్కను రాయి తీసి బెదిరించొచ్చు అనిపిస్తుంది. పులి ముందు మన చేతిలో ఏమీ లేదనిపిస్తుంది. కాబట్టి నేను "ఎవరు మిమ్మల్ని బెదిరిస్తున్నారు?" అని అడగను. "దేని ముందు మీకు చేతులు కట్టేసినట్లుంది?" అని అడుగుతాను. పరీక్ష రాసే పిల్లలు, బోరు పడక అప్పు మీద అప్పు చేసినవాళ్లు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెబుతారు.

పులి నా పక్కనే కూర్చుంది. భయమే వేయలేదు, ధైర్యంగా అనిపించింది. అమ్మవారా?

మీరు అమ్మవారిని కొలిచేవాళ్లయితే, కలలో దండం పెట్టాలనిపించి ఉంటే, మీకు అది అమ్మవారే. ఆ అర్థాన్ని నేను తీసెయ్యను. అయ్యప్ప మాల వేసుకున్న రోజుల్లో పులి కల వచ్చినవాళ్లూ ఇట్లాగే చెబుతారు. భక్తి అనేది కూడా జంతువు పట్ల ఒక భావమే, కలకు అర్థం ఇచ్చేది అదే.

భక్తి కాక బలం అనిపించి ఉంటే ఇంకోవైపు చూడొచ్చు. పీర్ల పండగకు పులి వేషం కట్టే ఒకాయన, వేషం మానేసిన ఏడాది తర్వాత పులి పక్కన నడుస్తున్నట్లు కల చెప్పాడు. డప్పు మోగుతుంటే ఒంట్లోకి వచ్చే ఊపును అతను పోగొట్టుకున్నాడు. ఆ పులి అతనికి బయటిది కాదు, తన బలమే. మీరు ఈమధ్య వదిలేసుకున్నదో, కొత్తగా దొరికిందో అయిన ధైర్యం ఏదైనా ఉందా అని ఆలోచించండి.

మాది ఆత్మకూరు దగ్గర, నల్లమల అంచు. పులి నిజంగానే తిరుగుతుంది. మా కలకూ ఇదే అర్థమా?

మీ కలను ముందు మామూలుగా చదవాలి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పక్కన ఉన్నవాళ్లకు పులి అంటే అడుగుజాడ, తప్పిపోయిన దూడ, చీకటి పడితే మూసే తలుపు. ఊళ్లో పులి జాడ కనిపించిన వారంలో పులి కల రావడం అనేది నిద్రలో కూడా మనసు కాపలా కాయడమే. ఫిన్లాండ్‌కు చెందిన అంటీ రెవొన్సువో 2000లో ఇట్లాంటి వాదమే చెప్పాడు. ప్రమాదాన్ని ముందే కలలో సాధన చేసుకోవడం మన పూర్వికులకు ఉపయోగపడి ఉంటుందని ఆయన మాట. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు కానీ అడవి అంచు కలలకు బాగానే అతుకుతుంది.

అనంతపురం, కడప కొండల వైపు మనం పులి అనేది చాలాసార్లు చిరుతనే. కలలో వచ్చింది మచ్చలదా, చారలదా అని అడిగితే కొందరు టక్కున చెబుతారు. మీరు చూసిన జంతువే వచ్చిందంటే అది జ్ఞాపకం. ఎన్నడూ చూడని చారల పులి వచ్చిందంటే అది ఎక్కువగా భావానికి తొడిగిన బొమ్మ.

## ఆవు కలకు అర్థం వెతికేటప్పుడు

ఆవు కనిపిస్తే లక్ష్మి వస్తుందంటారు. నాకేమో ఏడుపొచ్చింది. ఎందుకు?

ఎందుకంటే మీ ఆవు లక్ష్మి బొమ్మ కాదు, మీ ఆవు. ఒకామె అనుమతితో, ఆనవాళ్లు మార్చి, ఆమె కలను మొదటి నుంచి చెబుతాను.

ఆమెది కళ్యాణదుర్గం వైపు పల్లె, వయసు యాభై దగ్గర. కల ఇది. పెరట్లో వాళ్ల ఎర్రావు నిలబడి ఉంది. కట్టలేదు. కుడితి తొట్టి ఎండిపోయి ఉంది. ఆమె బిందె తెచ్చి వంపుతుంది, బిందెలో నీళ్లుండవు. మళ్లీ పోయి ఇంకో బిందె తెస్తుంది, అదీ ఖాళీ. ఆవు అరవదు, పొడవదు, చూస్తూ ఉంటుంది. ఏడుస్తూ లేచింది. ఇంట్లోవాళ్లు "ఆవు ఇంటికొచ్చింది, ఈసారి బోరు పడుతుంది" అన్నారు. ఆమెకు ఆ మాట ఎక్కలేదు.

ఆ ఆవు ఆమె పుట్టింటివాళ్లు అరణంగా ఇచ్చిన ఆవు సంతతి. బుడ్డల పంట పోయిన ఏడాది చొప్ప కొనలేక సంతలో అమ్మేశారు. పలుపుతాడు మాత్రం ఇవ్వకుండా ఆమె ఇంటికి తెచ్చుకుంది. ఇది వినగానే, ఆవును అమ్మిన బాధే కలగా వచ్చిందని నాకు అనిపించింది. అదే చెప్పాను. ఆమె మర్యాదకు తల ఊపింది, కానీ ముఖంలో ఏ మార్పూ లేదు. అర్థం తగిలితే మనిషి ఒక్క క్షణమైనా ఆగుతుంది. ఆమె ఆగలేదు. నేను తొందరపడ్డానని అర్థమైంది.

అమ్మి ఎనిమిది నెలలైంది. మరి కల ఇప్పుడెందుకు వచ్చింది? ఈ ప్రశ్న నేను ముందే అడగాల్సింది. మళ్లీ మొదటికి వచ్చి, "ఆవును చూస్తే మీకు ఏమనిపించిందమ్మా?" అని అడిగాను. జాలి అంది. కాసేపాగి, "జాలి కాదు మేడమ్, దాని ముఖం చూడలేకపోయినా" అంది. జాలిపడే మనిషి జంతువు దగ్గరికి పోతుంది. ముఖం చూడలేని మనిషి పని కల్పించుకుని అటూ ఇటూ తిరుగుతుంది. కలలో ఆమె చేసింది అదే, బిందె తర్వాత బిందె.

"ఈమధ్య ఇంకెవరి ముఖం చూడలేకపోయారు?" అని అడిగాను. ఈసారి ఆగింది. కల రావడానికి రెండు రోజుల ముందు కూతురు సెమిస్టర్ ఫీజు అడిగింది. లేదని చెప్పలేక ఈమె బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ పిల్ల మళ్లీ అడగలేదు. చూస్తూ ఊరుకుంది.

ఆవు కూతురు కాదు. కూతురి ముందు కలిగిన భావానికి, అదే భావం ఇంతకుముందు కలిగిన చోటును కల వెతికి తెచ్చింది. ఆమె ఇంటికి వెళ్లి ఫీజు సంగతి ఉన్నదున్నట్లు కూతురితో మాట్లాడింది. డబ్బు వెంటనే దొరకలేదు. ఆవు కల ఇంకో రెండుసార్లు వచ్చింది, కానీ రెండోసారి తొట్టిలో అడుగున కాస్త నీళ్లున్నాయని చెప్పింది.

ఆవు పొడిచినట్లు వచ్చింది. గోవు పొడిస్తే పాపమంటారా?

పాపం గురించి కాదు, ఆశ్చర్యం గురించి ఆలోచించండి. పులి కరిస్తే "పులి కదా" అనుకుంటాం. ఆవు పొడిస్తే నమ్మలేకపోతాం. ఈ కల చెప్పినవాళ్లలో చాలామందికి భయం కంటే కోపం ఎక్కువగా ఉంటుంది, ఆ కోపం చూపించకూడదన్న బిగువు కూడా ఉంటుంది. అమ్మ, అత్త, పెద్దక్క లాంటి, ఎదురు చెప్పకూడని మనిషి మీద వచ్చిన కోపం ఏదైనా మింగి ఉంచారేమో చూడండి. నిజంగా కొమ్ముల ఆవు దగ్గర పాలు పితికేవాళ్లయితే ఇంత దూరం పోనక్కర్లేదు, జాగ్రత్తే కలగా వచ్చి ఉంటుంది.

## అదే కల మళ్లీ మళ్లీ వస్తుంటే

రెండు నెలలుగా అదే పులి. పడుకోవాలంటేనే టెన్షన్. ఆపే మార్గం ఉందా?

ఉంది. కలను మెలకువలో తిరగరాసే పద్ధతి ఇది. మానసిక వైద్యులు దీన్ని ఇమేజరీ రిహార్సల్ అంటారు. పీడకలలకు బాగా పరీక్షించిన పద్ధతుల్లో ఇదొకటి.

మొదట కలను పగటి పూట పూర్తిగా రాయండి. తర్వాత దాన్ని మీకు నచ్చినట్లు మార్చి మళ్లీ రాయండి. పులిని చంపాల్సిన పని లేదు. పులి నీళ్లు తాగి పోవచ్చు, మీ చేతికి దివిటీ రావచ్చు, తలుపు పక్కన ఇంకో తలుపు ఉండొచ్చు. మార్పు మీ లోపలి నుంచి రావాలి, ఇంకొకరు చెప్పింది అతకదు. కొత్త కలను రోజూ పగలు పది నుంచి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. పాత కలను మళ్లీ ఊహించొద్దు. రెండు మూడు వారాలు చేస్తే చాలామందికి కల పలచబడుతుంది లేదా అరుదవుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఎక్కడంటే, అన్నిటికంటే భయంకరమైన కలతో మొదలుపెడతారు. ఓ మోస్తరు కలతో మొదలుపెట్టండి. రాస్తున్నప్పుడే చేతులు వణికి, పాత దెబ్బ ఏదైనా కళ్లముందుకు వస్తే ఒంటరిగా కొనసాగించొద్దు. కౌన్సెలర్ దగ్గర కూర్చుని చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

మా బాబుకు ఐదేళ్లు. "కుక్క వచ్చింది" అని రాత్రి లేచి ఏడుస్తాడు. దిష్టి తీయించాలా?

చిన్నపిల్లల కలల్లో పెద్దవాళ్ల కలల్లో కంటే జంతువులు ఎక్కువ. వయసు పెరిగే కొద్దీ తగ్గుతాయి. దిష్టి తీస్తే ఇంట్లో అందరికీ నెమ్మది అనిపిస్తే తీయండి, కానీ వాడి ముందు "ఏదో పట్టుకుంది" అనకండి. ఆ మాట కుక్క కంటే పెద్దది. పొద్దున కుక్క బొమ్మ గీయించి, దానికి ఏం పెడదాం అని అడగండి. ఒక పాప తన కలలో కుక్కకు బొరుగులు పెట్టి పంపించింది, ఆ తర్వాత దాని గురించి మాట్లాడటమే మానేసింది. పగలు వీధిలో కుక్క తరిమిందా, ఎక్కడైనా పళ్లు తగిలాయా అన్నది మాత్రం తప్పకుండా కనుక్కోండి. పిల్లలు తిడతారని దాచిపెడతారు.

## డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినప్పుడు

బీపీ మాత్ర మార్చినప్పటి నుంచి పులులు, కుక్కలు. మాత్ర వల్లనా?

అయి ఉండొచ్చు. బీపీకి, గుండె దడకు ఇచ్చే బీటా బ్లాకర్ రకం మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు కలలను గాఢం చేస్తాయి. ఏళ్ల తరబడి మద్యం తాగి ఒక్కసారి మానేసినవాళ్లకూ, జ్వరం వచ్చినవాళ్లకూ ఇట్లాగే అవుతుంది. మాత్ర మీరే ఆపకండి. మొదలుపెట్టిన తేదీ, కలలు మొదలైన తేదీ రాసుకుని రాసిచ్చిన డాక్టర్‌కు చూపించండి.

మా ఆయనకు అరవై. కలలో కుక్క మీదపడుతోందని దాన్ని తంతాడు. ఆ దెబ్బలు నాకు తగులుతున్నాయి. పొద్దున అడిగితే కల మాత్రం చెబుతాడు.

దీనికి అర్థం వెతకొద్దు, న్యూరాలజిస్ట్‌ను వెతకండి. కలగనేటప్పుడు ఒళ్లు సడలి ఉండాలి. ఆ ఏర్పాటు దెబ్బతింటే మనిషి కలలో చేసేది మంచం మీద చేస్తాడు. తన్నడం, గుద్దడం, అరవడం ఉంటాయి. కలలో జంతువులో మనుషులో మీదపడుతున్నట్లు ఉంటుంది. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. పగలు ఎంత శాంతంగా ఉండే మనిషికైనా ఇది రావచ్చు, కాబట్టి ఆయన మనసులో మీమీద కోపం ఉందని అనుకోకండి. ఇట్లాంటివాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బులు బయటపడతాయి, అందుకే తొందరగా చూపించడం ముఖ్యం.

మామూలుగా నిద్రలో నడిచేవాళ్లకు కల గుర్తుండదు. ఈయన లేపితే వెంటనే తెలివిలోకి వచ్చి కల చెప్పగలుగుతున్నాడు, ఈ తేడా డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. కుదిరితే ఫోన్‌తో ఒక వీడియో తీసి తీసుకెళ్లండి. నిర్ధారణకు ఒక రాత్రి నిద్రను రికార్డు చేసే పరీక్ష చేస్తారు, మందులున్నాయి. అప్పటిదాకా విడిగా పడుకోండి. మంచం పక్కన గాజు సామాను, చెంబులు, పదునైన మూలల బల్ల ఉంచకండి. ఆయన పరుపును నేల మీద వేయండి.